గంగమ్మ పెట్టె డాలర్లయి తిరిగొచ్చిన వైనం

భావనపాడు హార్బరుకు ఉత్తరాన, సగం ఇసుకలోనూ సగం సరుగుడు తోటలోనూ ఉన్న ఒక చిన్న పల్లెలో, నూకయ్య మొలతాడుకు ఇరవై రెండేళ్లుగా ఒక తాళంచెవి వేలాడుతూ ఉండేది. వేటకు వెళ్లినా, స్నానం చేసినా అది అక్కడే. ఒకసారి టెక్కలిలో ఎక్స్‌రే తీసే అతను ఆ ఇనప ముక్క తీసి పక్కన పెట్టమన్నాడు. నూకయ్య ఎక్స్‌రేయే వద్దని లేచి వచ్చేశాడు. రోగం కూడా ఆ పట్టుదల చూసి జంకిందేమో, వారం తిరక్కుండా తగ్గిపోయింది.

ఆ తాళంచెవి గంగమ్మ తల్లి పెట్టెది. ఊళ్లోని పద్దెనిమిది తెప్పలూ ఒడ్డుకు చేరినప్పుడల్లా అమ్మవారి వంతు కింద కొంత తీసి ఆ పెట్టెలో వేస్తారు. వైశాఖంలో పండగకు ముందు పెట్టె తెరిచి, పెద్దల ఎదుట లెక్కపెడతారు. లెక్క అయ్యాక పెట్టె పెద్ద, అంటే తాళంచెవి ఉన్నవాడు, మూత మీద చెయ్యి వేసి ప్రమాణం చెయ్యాలి. ప్రమాణం మూడే మాటలు. తినలేదు, తినిపించలేదు, కలపలేదు.

మొదటి రెండూ ఏ ఊళ్లోనైనా ఉంటాయి. మూడోదానికి చరిత్ర ఉంది. నూకయ్యకు ముందు పెట్టె పెద్దగా ఉన్న ఒకాయన ఒక ఏడు లెక్క తగ్గితే గుట్టుగా తన సొమ్ము కలిపి సరిపెట్టాడు. బాగానే ఉంది. కానీ మరుసటేడు నుంచీ, అమ్మవారు తనకు బాకీ అని తాగినప్పుడల్లా చెప్పుకుంటూ తిరిగాడు. దేవత అప్పులపాలైందన్న అపవాదు ఊరికి వచ్చింది. అప్పటినుంచీ, తగ్గితే తగ్గిందని చెప్పాలి, తాళంచెవి దింపాలి. సొంత సొమ్ము కలపడం తినడమంత పాపం.

అమ్మవారి సొమ్ము వడ్డీకి ఇవ్వరు. ఖర్చుకీ ఇవ్వరు. అయితే ఒక్క పనికి మాత్రం ఇస్తారు, చూపించడానికి. చూస్తే సొమ్ము అరగదు కదా అని పూర్వీకులు తీర్మానించారు. షరతు ఒక్కటే: బయటికి వెళ్లిన సొమ్ము మూడో పొద్దు గుంకేలోగా పెట్టెలో పడాలి. పెట్టె పెద్ద కూడా సొమ్ము వెంట వెళ్లాలి. వెనక ఒకప్పుడు వలల అప్పులు ఇచ్చే అధికారి ఒకాయన వచ్చి, అప్పు కావాలన్నవాడు తన వాటాగా రెండు వేలు చూపించాలన్నాడు. పదకొండు ఇళ్లవాళ్లూ అవే రెండు వేలు వరసగా చూపించారు. పెరటి దారుల్లో ఆ మూట పట్టుకుని అధికారి కంటే ముందు నూకయ్య పరిగెత్తాడు. ఈ కుగ్రామంలో ఇంతటి పొదుపా అని ఆ అధికారి పైకి ఉత్తరం రాశాడట. సాయంత్రానికి రెండు వేలూ పెట్టెలోనే ఉన్నాయి. అర్ధ రూపాయి కూడా తగ్గలేదు.

ఇంతటి నిష్కళంక చరిత్ర ఉన్న సొమ్ము 2002లో డాలర్లు కావలసి వచ్చింది.

నూకయ్య మేనల్లుడు పైడిరాజుకు ఇరవై ఆరేళ్లు. సముద్రం మీద వాడికి వాంతులు. జాలరి కులంలో పుట్టి అలలు పడకపోవడం కన్నా దురదృష్టం ఉండదు కాబట్టి, వెల్డింగు నేర్చుకున్నాడు. పలాస కాశీబుగ్గలో ఒక ఏజెంటు వాడికి మలేషియాలో పని కుదురుస్తానన్నాడు. కంపెనీ మనిషి విశాఖపట్నంలో ఒక హోటల్లో దిగుతాడు, పనివాళ్లను చూస్తాడు. వెళ్లేవాడు మరీ లేనివాడు కాదని రుజువుగా ఐదువందల డాలర్లు చేతిలో పట్టుకుని కనిపించాలి, పాస్‌పోర్టు మీద డాలర్లు కొన్నట్టు స్టాంపు ఉండాలి. చూపించాక ఆ డాలర్లు మళ్లీ రూపాయలు చేసుకోవచ్చు, ఎవరూ అడగరు.

పైడిరాజు వచ్చి వలల పాకలో పెద్దల ముందు నిలబడ్డాడు.

"చూపించీడానికే మావా. పొద్దున్న కొంటాం, మజ్జానం చూపిత్తాం, సాయంత్రం అమ్మేత్తాం. అమ్మ సొమ్ముకి గాలి తగిలినట్టుంటాది గానీ, ఏటీ అవదు."

నూకయ్య బావమరిది ఢిల్లీబాబు పెద్దల్లో చిన్నవాడు. నలభై ఏళ్లకే పెద్దరికం వచ్చింది. ఒడ్డున చేపల వేలం పాడేది అతనే. సంత బేరాలన్నీ తన నోటి మీదే నడుస్తాయని అతని నమ్మకం.

"డాలరంటే రోజుకో రేటుంటాదట కదేటి? మద్దిలో పడిపోతే?" అన్నాడు.

"ఒక్క పూటలో ఏటి పడిపోద్ది బాబాయ్? పేపర్లో రోజూ సూత్తన్నాను. నలబై ఎనిమిది రూపాయల డెబ్బై అయిదు పైసలు. నెల్లాళ్లై అక్కడక్కడే ఉంది."

నూకయ్య ఆలోచించాడు. రూపాయలు వెళ్లి డాలర్లవుతాయి, డాలర్లు మళ్లీ రూపాయలవుతాయి. మంచు గడ్డ నీళ్లయినట్టూ, నీళ్లు మళ్లీ గడ్డ కట్టినట్టూనూ. చూపించడానికే కదా అన్నాడు. చూస్తే అరగదు కదా అన్నారు పెద్దలు. పెట్టెలో ఉన్న ముప్ఫై ఒక్క వేలలో ఇరవై ఐదు వేలు లెక్కపెట్టి, చేటలో అమ్మవారికి చూపించి, సంచిలో కట్టారు. దారి ఖర్చులు పైడిరాజువి.

మర్నాడు తెల్లారకముందే టెక్కలిలో బస్సెక్కి, పది గంటలకు విశాఖపట్నంలో డబ్బు మార్చే దుకాణం ముందు దిగారు. అద్దాల తలుపు, లోపల చల్లటి గాలి, కౌంటరు వెనక టై కట్టుకున్న కుర్రాడు. అతని పేరు శరత్ చంద్ర. నూకయ్య సంచి విప్పేసరికి దుకాణమంతా ఎండుచేపల వాసన పరుచుకుంది. పదులు, ఇరవైలు, యాభైలు. శరత్ చంద్ర రెండుసార్లు లెక్కపెట్టి, మూడోసారి మిషన్లో పెట్టాడు. మిషన్ సగంలో ఆగిపోయింది. ఉప్పుగాలి తిన్న నోట్లకు అది అలవాటు పడి లేదు.

గోడ మీద ఎర్ర దీపాల బోర్డు ఉంది. డాలరుకు ఎదురుగా రెండు అంకెలు. 47.90, 49.60. నూకయ్యకు ఇంగ్లీషు రాదు గానీ అంకెలు వచ్చు. ఒడ్డున వేలం పాటలో ముందు చెప్పేది చిన్న అంకె, చివరికి తేలేది పెద్ద అంకె. కాబట్టి మొదటిది పొద్దుటి పాట, రెండోది ఇప్పటి పాట అని అర్థం చేసుకున్నాడు. అంటే డాలరు పెరుగుతోందన్న మాట. సాయంత్రానికి ఇంకాస్త పెరిగితే అమ్మవారికి లాభం కూడా రావచ్చు. కానీ లాభం పెట్టెలో వేస్తే అది కలపడం కిందికి వస్తుందా అన్న ధర్మసందేహంలో కాసేపు మునిగిపోయాడు.

ఐదువందల డాలర్లు, ఒక్కోటి నలభై తొమ్మిది అరవై చొప్పున, ఇరవై నాలుగు వేల ఎనిమిది వందలు. సర్వీసు చార్జీ యాభై. శరత్ చంద్ర పాస్‌పోర్టు మీద స్టాంపు వేసి, రసీదూ మిగిలిన నూట యాభై రూపాయలూ ఇచ్చాడు. ఐదు పచ్చ నోట్లు. అంత పెద్ద మూట అంత పలచగా అయిపోవడం నూకయ్యకు నచ్చలేదు. వాటిని ప్లాస్టిక్ కవరులో పెట్టి, లోపలి జేబులో పెట్టి, జేబు మీద చెయ్యి పెట్టుకుని నడిచాడు.

హోటల్లో కంపెనీ మనిషి లేడు. విమానం తప్పిందట, వచ్చే మంగళవారం వస్తాడట. ఏజెంటు ఈ సంగతి చాలా సంతోషంగా చెప్పాడు.

"డాలర్లు అట్టే పెట్టుకో మావా, వచ్చేవారం మల్లీ వద్దారి" అన్నాడు పైడిరాజు.

"మూడో పొద్దు గుంకీలోగా పెట్టిలో పడాల. అదీ రూపాయిలుగా. డాలర్లని ఎవుడు లెక్కెడతాడురా మనూర్లో?"

మధ్యాహ్నం రెండింటికి అదే దుకాణం, అదే కౌంటరు, అదే శరత్ చంద్ర. నూకయ్య కవరు తీసి బల్ల మీద పెట్టాడు.

"సూసుకో బాబూ. నువ్విచ్చినియ్యే. మడత కూడా పెట్టనేదు."

శరత్ చంద్ర రసీదు రాశాడు. ఐదువందలు, నలభై ఏడు తొంభై చొప్పున, ఇరవై మూడు వేల తొమ్మిది వందల యాభై. సర్వీసు చార్జీ యాభై పోను, ఇరవై మూడు వేల తొమ్మిది వందలు.

నూకయ్య ఆ నోట్లు లెక్కపెట్టాడు. మళ్లీ లెక్కపెట్టాడు. తర్వాత ఆ కుర్రాడి వైపు, జబ్బు చేసిన ఎద్దును చూసినట్టు జాలిగా చూశాడు.

"బాబూ, పొద్దున్న నీకు ఇరవై నాలుగు వేల ఎనిమిదొందల యాబై ఇచ్చేను. నువ్వు తప్పు లెక్కెట్టినావు."

"తప్పు లేదు పెద్దాయనా. పొద్దున మేం మీకు అమ్మాం. అమ్మే రేటు నలభై తొమ్మిది అరవై. ఇప్పుడు మీ దగ్గర మేం కొంటున్నాం. కొనే రేటు నలభై ఏడు తొంభై. బోర్డు మీద రెండూ ఉన్నాయి కదా."

"అది పొద్దుటి పాట కాదేటి?"

"ఏ పాటా కాదండీ. రెండూ ఇప్పటి రేట్లే. పొద్దున్నా అవే, ఇప్పుడూ అవే."

"అంటే రేటు పడిపోనేదు?"

"పైసా కూడా పడలేదు."

"మరి తొమ్మిదొందల యాబై ఎవుడు తిన్నాడు?"

శరత్ చంద్ర మంచివాడు. అప్పుడు వేరే గిరాకీలు లేరు కూడా. "పేపర్లో వేసే రేటు బ్యాంకులు కోట్లలో ఇచ్చిపుచ్చుకునేదండీ. దానికి ఇటు కాస్త తగ్గించి మేం కొంటాం, అటు కాస్త పెంచి అమ్ముతాం. ఆ తేడాలోనే దుకాణం అద్దె, నా జీతం, నోట్లు తెప్పించుకునే ఖర్చు. పైగా ఈ నోట్లు రేపు ఎవరు కొంటారో తెలీదు, రాత్రికి రాత్రి రేటు పడితే ఆ నష్టం మాది. మీరు ఒక్కసారి మారిస్తే తేడా సగమే తగులుతుంది, తెలియదు. వెళ్లి, వెంటనే వెనక్కి వస్తే మొత్తం తగులుతుంది. డాలరుకి రూపాయి డెబ్బై పైసలు. ఐదువందలకి ఎనిమిది వందల యాభై. రెండు చార్జీలు వంద. అంతే."

నూకయ్య విన్నాడు. ఒక్క ముక్క కూడా తప్పు పట్టడానికి వీల్లేకపోవడం అతన్ని మరింత బాధపెట్టింది.

తిరుగు బస్సు శ్రీకాకుళం దాటింది. "ఆ పచ్చ నోట్ల మీద కూడా సూత్తే అరగదని రాసుందేటిరా?" అన్నాడు నూకయ్య. పైడిరాజు కిటికీలోంచి వాంతి చేసుకున్నాడు. వాడికి బస్సులు కూడా పడవు.

నూకయ్య భార్య వరహాలమ్మది చేపల గంప. ఒడ్డున వేలంలో కొని, టెక్కలి బజారులో అమ్ముతుంది. మొగుడు చెప్పిందంతా విని, ఎసట్లో బియ్యం పోసి, రెండే ప్రశ్నలు అడిగింది.

"నువ్వు కొన్నీది ఆడి కాడేనా?"

"ఆడి కాడే."

"అమ్మీది ఆడికేనా?"

"ఆడికే."

"మరింకేటి? తగ్గుద్ది" అంది వరహాలమ్మ. అదేదో అన్నం ఉడుకుతుంది అన్నట్టు. తర్వాత గూట్లోంచి చీటీ డబ్బులు తీసింది. "తొమ్మిదొందల యాబయ్యే కదా. తీసుకెళ్లి ఎట్టీ. ఎవులికీ తెలీదు."

నూకయ్య ఆ డబ్బు వైపు కళ్లు తిప్పలేదు. "కలపనేదు అని సెప్పాల నాను. పెట్టి మీద సెయ్యేసి."

"అయితే తాళం దింపేత్తావేటి?"

నూకయ్య మొలతాడు దగ్గర చెయ్యి పెట్టి చూసుకున్నాడు. ఇరవై రెండేళ్లలో ఆ ఇనపముక్క కింద చర్మం మీద ఒక మచ్చ పడింది. తాళంచెవి తీసేసినా మచ్చ ఉంటుంది. ఉన్న మచ్చ చూసి ఊరు ఏమంటుందన్నదే సంగతి.

మర్నాడు పొద్దున్నే వలల పాకలో సొమ్ము లెక్కపెట్టారు. నూకయ్య రెండు రసీదులూ పక్కన పెట్టి, తగ్గింది అని తనే చెప్పాడు. పెద్దలు రసీదుల్ని అటూ ఇటూ తిప్పి చూశారు. రసీదులు చాలా అందంగా ఉన్నాయి.

"బావా, కోప్పడకు" అని మొదలుపెట్టాడు ఢిల్లీబాబు. అలా మొదలుపెట్టిన ఏ మాటకూ కోప్పడకుండా ఉన్నవాడు ఇంతవరకూ పుట్టలేదు. "రేటు పడిపోనేదు అంటన్నావు. నోట్లు మారిపోనేదు అంటన్నావు. రసీదులు ఆడియ్యే. దుకానమూ ఆడిదే. మరి సొమ్ము ఎటెల్పోయింది? ఇసాపట్నంలో బిరియానీ బాగుంటాదట."

"టీ కూడా తాగనేదురా!" అన్నాడు నూకయ్య.

"తాగినావని నాననేదు. బేరమాడ్డం రాక మోసపోయినావంటన్నాను. అదైనా అవ్వాల, ఇదైనా అవ్వాల." ఢిల్లీబాబు పెద్దల వైపు తిరిగాడు. "మంగలారం ఎలాగూ కుర్రోడు మల్లీ సూపించాల. ఈసారి సంచి నాను పడతాను. బావ కూడా రానీ, సూత్తాడు. ఇరవై అయిదు వేలు ఎల్తాయి, ఇరవై అయిదు వేలు వత్తాయి. అప్పుడు తెలుత్తాది తేడా ఎక్కడుందో."

పెద్దలకు ఇది న్యాయంగా తోచింది. ఢిల్లీబాబు తెస్తే నూకయ్య తాళం దింపాలి. తాళం ఢిల్లీబాబుకే. ఎవరూ పైకి అనలేదు గానీ అందరి చూపూ నూకయ్య మొలతాడు మీదికి వెళ్లింది. నూకయ్య పంచె సర్దుకున్నాడు.

మంగళవారం నాడు అదే దుకాణంలో శరత్ చంద్ర వాళ్లను చూసి, ముందు జాగ్రత్తగా కిటికీ తెరిచాడు. బోర్డు మీద అంకెలు మారాయి. 48.00, 49.70.

"సూసినావా బావా, పది పైసలు పెరిగింది. మంచి దినం" అన్నాడు ఢిల్లీబాబు. తర్వాత గొంతు సవరించుకుని వేలం గొంతుతో మొదలుపెట్టాడు. "నలబై ఎనిమిదిన్నర!"

"రేటు బోర్డు మీద ఉన్నదేనండీ."

"నలబై తొమ్మిది! ఇదే ఆకరి మాట!"

"నలభై తొమ్మిది డెబ్బై అండీ."

"ఇటు సూడు తమ్ముడూ. ఒకటీ రొండూ కాదు, అయిదొందలు తీసుకుంటన్నాం. గంపగుత్తగా."

శరత్ చంద్ర చిరునవ్వుతో బోర్డు చూపించాడు. వేలం పాటలో ఎదుటివాడు నవ్వి ఊరుకోవడం ఢిల్లీబాబుకు కొత్త. ఇరవై నాలుగు వేల ఎనిమిది వందల యాభై, చార్జీ యాభై, మొత్తం ఇరవై నాలుగు వేల తొమ్మిది వందలు ఇచ్చి డాలర్లు తీసుకున్నాడు. నూకయ్య ఒక కుర్చీలో కూర్చుని, గోడ మీది బోర్డు వైపు చూస్తున్నాడు.

హోటల్లో కంపెనీ మనిషి ఉన్నాడు. పైడిరాజు అరచేతులు తిప్పి చూశాడు, కళ్ల కింది రెప్పలు లాగి చూశాడు, వెల్డింగు ముక్క ఒకటి చేయించి చూశాడు. సరే అన్నాడు. డాలర్ల వంక చూడలేదు. పైడిరాజు అవి తీసి మొహం ముందు ఆడించినా, ఎవరో దోమను తోలుతున్నట్టు తల పక్కకు జరిపాడు.

"సూడనే నేదు మావా" అన్నాడు పైడిరాజు బయటికి వచ్చాక.

"సూత్తే అరగదు. సూడకపోతే అరుగుద్దేమో" అన్నాడు నూకయ్య.

ఇక అమ్మాలి. ఢిల్లీబాబు తెలివైనవాడు కాబట్టి, శరత్ చంద్ర దగ్గరికి తిన్నగా వెళ్లలేదు. వీధి చివర ఇంకో దుకాణం కనిపెట్టాడు. అక్కడ కొనే రేటు నలభై ఎనిమిది రూపాయల ఐదు పైసలు. "సూసినావా, అయిదు పైసలు ఎక్కువ! ఇదే బేరమంటే" అన్నాడు. ఐదువందల మీద ఇరవై ఐదు రూపాయలు లాభం. కానీ అక్కడ చార్జీ వంద. మూడుసార్లు వేళ్ల మీద లెక్కపెట్టి, పాత దుకాణంకన్నా ఇరవై ఐదు తక్కువ వస్తుందని తేల్చుకుని, వెనక్కి తిరిగి నడిచాడు. ఎండ మండిపోతోంది. నూకయ్య నాలుగడుగుల దూరంలో వెనకే నడిచాడు, పెట్టె పెద్ద సొమ్ము వెంట ఉండాలి కదా.

శరత్ చంద్ర రసీదు రాశాడు. ఇరవై నాలుగు వేలు, చార్జీ యాభై పోను ఇరవై మూడు వేల తొమ్మిది వందల యాభై.

ఢిల్లీబాబు ఆ రసీదును, కాటేసిన పాము ఎటు పోయిందా అని వెతికేవాడిలా, మూలమూలా చూశాడు. "పది పైసలు పెరిగింది కదేటి?" అన్నాడు నీరసంగా.

"కొనేదీ పెరిగింది, అమ్మేదీ పెరిగింది. మధ్య తేడా అదే కదండీ. తొమ్మిది వందల యాభై" అన్నాడు శరత్ చంద్ర.

"అదే" అన్నాడు నూకయ్య. అంతటి సానుభూతితో అతను ఎవరితోనూ ఎప్పుడూ మాట్లాడలేదు. "టీ తాగుతావేటిరా? నా సొంత సొమ్ముతోనే."

రెండు రోజుల తర్వాత పండగ లెక్క. పొద్దున్నే వేట తెప్పలు చేరాక, ఒడ్డు మీద ఊరంతా కూడింది. పెట్టె తెరిచి లెక్కపెట్టారు. వెయ్యిన్నీ తొమ్మిది వందలు తక్కువ. పెద్దలు ఢిల్లీబాబును అడిగారు. వేలంలో పన్నెండు తెప్పల అవతలికి వినిపించే గొంతు ఆ రోజు పక్కవాడికి వినిపించలేదు.

"తినలేదు. నానూ తిననేదు, బావా తిననేదు. కానీ తగ్గింది."

"రేటు పడిపోయిందా?"

"నేదు."

"ఆడు మోసం సేసినాడా?"

"నేదు. రసీదు ఇచ్చినాడు."

"మరి?"

ఢిల్లీబాబు నూకయ్య వైపు చూశాడు. నూకయ్యకు సంగతి తెలుసు గానీ, శరత్ చంద్ర చెప్పిన మాటలు బల్ల మీద బాగానే ఉన్నాయి, ఇసకలో నిలబడటం లేదు. జనంలో గుసగుసలు మొదలయ్యాయి. నూకయ్య లేచాడు. మొలతాడు నుంచి తాళంచెవి విప్పాడు. ముడి బిగిసిపోయి ఉంది, పంటితో కొరికి విప్పాల్సి వచ్చింది. పెట్టె మూత మీద పెట్టాడు.

"తినలేదు, తినిపించలేదు, కలపలేదు" అన్నాడు. "కానీ తగ్గింది. ఎవులు పట్టుకుంటారో పట్టుకోండి."

అప్పుడు ఆడవాళ్ల వైపు నుంచి వరహాలమ్మ గంప ఎత్తుకుని వచ్చింది. అప్పుడే వేలంలో కొన్న వంజరం ఒకటి తీసి, తమ్ముడి ముందు ఆడించింది.

"ఏరా ఢిల్లీబాబూ, ఈ సేప కావాలేటి? వంద రూపాయిలు."

"ఇప్పుడు సేపేటి అప్పా, పెద్దలు కూకుంటే?"

"వందియ్యి ముందల."

అక్క గొంతు విని ఢిల్లీబాబు వంద తీసి ఇచ్చాడు. చేప చేతికి వచ్చింది. వరహాలమ్మ ఆ వంద కొంగున ముడి వేసుకుంది.

"ఇప్పుడు నాకు అమ్ము."

"నీ సేపే కదా. వందియ్యి."

"వందేటి? నాను ఎనబై అయిదిత్తాను."

"ఇప్పుడే కదే వందకిచ్చినావు! ఇంకా కొట్టుకుంటంది అది!"

"ఇచ్చినాను. వందకి అమ్ముతాను, ఎనబై అయిదుకి కొంటాను. వంద పెట్టి కొని, వందకే అమ్మితే నానేటి తింటాను, ఈ గంప తింటానా? టెక్కలి ఆటోకి ఎవుడిత్తాడు? రేపు దీన్ని ఎవులు కొంటారో నాకేటి తెలుసు, కుల్లిపోతే నెత్తినెట్టుకోవాలేటి? రోజూ నాతో బేరమాడతావు, సేప సంగతి తెలుసు. డాలరు సంగతి తెలీదేటి? ఆ బాబు కూడా గంప పెట్టుకునే కూకున్నాడు. ఆడి గంపలో సేపల బదులు కాయితాలు."

ఢిల్లీబాబు చేతిలో చేప రెండుసార్లు కొట్టుకుంది. ఆడవాళ్లు ఒకళ్లనొకళ్లు చూసుకున్నారు. వాళ్లందరివీ గంపలే, వాళ్లలో ఎవరికీ ఇది కొత్త సంగతి కాదు. పెట్టె విషయాలు ఎప్పుడూ తమను అడగరు కాబట్టి వాళ్లు చెప్పలేదు, అంతే.

అందరికన్నా పెద్దాయన నారాయణ తాత గొంతు సవరించుకున్నాడు. "అంటే సొమ్ము రెండు సార్లు గంప దాటింది. ఎల్లినప్పుడొకపాలి, వచ్చినప్పుడొకపాలి."

"రొండు పాలీలు ఎల్లినారు, రొండు పాలీలు వచ్చినారు. నాలుగు గంపలు" అంది వరహాలమ్మ.

"మరి ఈ తాళం?" అన్నాడు నారాయణ తాత ఢిల్లీబాబు వైపు చూసి.

ఢిల్లీబాబు రెండడుగులు వెనక్కి వేశాడు, కాలిన పెనం చూపించినట్టు. "బావే ఉంచుకోనీ. ఆయనకైతే ఒక్కపాలే తగ్గింది. నాకూ అంతే తగ్గింది. కానీ నాను బేరమాడి తగ్గించినాను" అన్నాడు. చాలా ఏళ్లలో ఆ ఊళ్లో అతను ఓడిపోయానని ఒప్పుకున్న ఒకే సందర్భం అది.

పెద్దలు తీర్మానం రాయించారు. అమ్మవారి సొమ్ము ఇకమీదట రూపాయల్లోనే చూపించాలి, వేరే దేశపు కాగితం చెయ్యరాదు. తగ్గిన పంతొమ్మిది వందలు ‘అమ్మవారు రెండుమార్లు డాలర్లయి తిరిగి వచ్చిన దారి ఖర్చు’ కింద లెక్కలో వేసి, అది పైడిరాజు సంపాదించాక పూడ్చాలని రాశారు. నూకయ్య తాళంచెవి తీసుకుని మొలతాడుకు ముడి వేసుకున్నాడు. ఈసారి ముడి కాస్త వదులుగా వేశాడు, మళ్లీ ఎప్పుడైనా పంటితో కొరకాల్సి వస్తుందేమోనని. ఆ చేప ఎవరిదన్నది తేలలేదు. సాయంత్రం వరహాలమ్మ దాన్ని పులుసు పెట్టి, తమ్ముణ్ని భోజనానికి పిలిచింది. వంద మాత్రం తిరిగి ఇవ్వలేదు.

పైడిరాజు మలేషియా వెళ్లాడు. రెండేళ్లకు, 2004లో, కొత్త బూట్లతో సెలవుకు వచ్చాడు. దిగిన మర్నాడే అప్పు తీర్చడానికి వలల పాకకు వచ్చి, నీలం, ఎరుపు, పచ్చ రంగుల మలేషియా నోట్లు కొన్ని పెట్టె మీద పరిచాడు.

"నూట అరవై రింగిట్‌లు మావా. పేపర్లో రేటు సూసి లెక్కెట్టినాను. పదకొండు రూపాయల తొంబై రెండు పైసలు. పంతొమ్మిదొందలకి ఏడు రూపాయిలు ఎక్కువే. అమ్మకి ఉంచీ."

నూకయ్య ఆ నోట్లు చేత్తో ముట్టుకోలేదు. పెట్టె మూత వేశాడు, తాళం తిప్పాడు.

"పేపరు రేటుకి ఎవుడు కొంటాడ్రా? పేపరోడు కొంటాడేటి? ఇసాపట్నం ఎల్లు. రూపాయిలు సేసి, పంతొమ్మిదొందలు లెక్కెట్టి తే. మద్దిలో ఎంత తగ్గితే అంత నీ జేబులోంచి ఎయ్యి."

"నూటో, నూటిరవయ్యో తగ్గుద్దేమో మావా. అంతే కదా. దానికోసం ఇసాపట్నమా?"

"అంతే" అన్నాడు నూకయ్య. "అమ్మ రెండుపాలీలు ఎల్లొచ్చింది. ఈపాలి నువ్వెల్లు."